పరీక్షకు 17 నిమిషాల ముందు కీ తప్పని తేలితే: అపోహలు, వాస్తవాలు

రెండో సంవత్సరం సీఎస్‌ఈ పిల్లలకు ఆ రోజు ఆపరేటింగ్ సిస్టమ్స్ మిడ్. పరీక్ష పది గంటలకు. తొమ్మిది నలభై మూడుకి మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన మేడమ్ నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఒక చేతిలో ప్రశ్నపత్రం, ఇంకో చేతిలో తను తయారుచేసిన కీ. చేతులు వణుకుతున్నాయి.

"మేడమ్, నాలుగో ప్రశ్నకి నా కీలో 3.33 ఉంది. ఇప్పుడు చేస్తే 3.67 వస్తోంది. హాల్లోకి వెళ్లి చివరి వాక్యం కొట్టేయమని చెప్పనా?"

డిపార్ట్‌మెంట్‌లో పరీక్షల పని కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఆ 17 నిమిషాల్లో ఆమె మనసులో తిరిగిన ఆలోచనలు కొత్తగా పేపర్ సెట్ చేసే ప్రతి లెక్చరర్‌కూ వచ్చేవే. వాటిలో చాలావరకు అపోహలు.

ముందు ప్రశ్న చూడండి. రౌండ్ రాబిన్ షెడ్యూలింగ్, టైమ్ క్వాంటం 2. అంటే సీపీయూ ఒక్కో ప్రాసెస్‌కి వరసగా 2 యూనిట్ల సమయం ఇస్తుంది. అప్పటికీ పని మిగిలి ఉంటే ఆ ప్రాసెస్ మళ్లీ క్యూ చివరికి వెళ్లాలి. సగటు వెయిటింగ్ టైమ్, అంటే ప్రాసెస్‌లు సీపీయూ కోసం సగటున ఎంతసేపు ఎదురుచూశాయో కనుక్కోవాలి. 5 మార్కులు. పట్టికలో అరైవల్ అంటే ప్రాసెస్ వచ్చిన సమయం, బర్స్ట్ అంటే దానికి మొత్తం కావలసిన సీపీయూ సమయం.

```
ప్రాసెస్   అరైవల్   బర్స్ట్
P1         0        5
P2         2        3
P3         4        2
```

చివర్లో ఒక వాక్యం: "ఒక ప్రాసెస్ క్వాంటం ముగిసిన క్షణంలోనే కొత్త ప్రాసెస్ వస్తే, కొత్తదాన్ని ముందుగా క్యూలో చేర్చండి." గొడవంతా ఈ వాక్యంతోనే.

అపోహ: కీ, ప్రశ్న కలవలేదంటే ప్రశ్నలో తప్పుంది.

వాస్తవం: ఏది తప్పో తేలేదాకా ఏదీ తప్పు కాదు. తేల్చడానికి దారి ఒక్కటే. కీ బోర్లా పెట్టి, అచ్చయిన ప్రశ్నపత్రం ఒక్కటే ముందు పెట్టుకుని, హాల్లో కూర్చున్న విద్యార్థిలా మొదటి నుంచి చేయాలి. అదీ ప్రశ్న రాసిన మనిషి కాదు, పక్కవాళ్లు చేయాలి. రాసిన మనిషికి తను అనుకున్నదే కనిపిస్తుంది, అచ్చయింది కనిపించదు.

కీ నా దగ్గర పెట్టేసి, తెల్లకాగితం మీద నేనే చేశాను. సమయం 2 దగ్గర P1 క్వాంటం అయిపోయింది, అదే క్షణంలో P2 వచ్చింది. ప్రశ్నలో చెప్పినట్టు P2 ముందు, P1 వెనక. సమయం 4 దగ్గర మళ్లీ అదే పరిస్థితి. P2 క్వాంటం అయిపోయింది, P3 వచ్చింది. P1 అప్పటికే క్యూలో ఉంది కాబట్టి వరస P1, P3, P2.

```
| P1 | P2 | P1 | P3 | P2 | P1 |
0    2    4    6    8    9    10
```

P1 10కి, P2 9కి, P3 8కి పూర్తవుతాయి. పూర్తయిన సమయంలోంచి అరైవల్, బర్స్ట్ తీసేస్తే వెయిటింగ్ టైమ్‌లు 5, 4, 2. మొత్తం 11, సగటు 3.67.

అప్పుడు కీ తిప్పి చూశాను.

```
| P1 | P1 | P2 | P1 | P3 | P2 |
0    2    4    6    7    9    10
```

ఇక్కడ సమయం 2 దగ్గర క్వాంటం అయిపోయిన P1నే ముందు క్యూలో పెట్టారు, అందుకే సీపీయూ మళ్లీ దానికే వెళ్లింది. వెయిటింగ్ టైమ్‌లు 2, 5, 3. మొత్తం 10, సగటు 3.33.

పట్టిక ఒకటే, క్వాంటం ఒకటే. తేడా అంతా ఆ ఒక్క క్షణంలో ఎవరు ముందు నిలబడ్డారన్న దాంట్లోనే. రౌండ్ రాబిన్ నిర్వచనం కొత్త ప్రాసెస్ క్యూ చివరికి వెళ్తుందంటుంది, క్వాంటం అయిపోయిన ప్రాసెస్ కూడా క్యూ చివరికే వెళ్తుందంటుంది. ఇద్దరూ ఒకేసారి వస్తే ఎవరు ముందన్నది నిర్వచనంలోంచి రాదు. అందుకే ప్రశ్నలో చెప్పి తీరాలి. మా పేపర్లో చెప్పారు. అంటే ప్రశ్న సరైనది, సంపూర్ణమైనది. తప్పు కీలో ఉంది.

అపోహ: సబ్జెక్ట్ మీద పట్టుంటే, నాలుగుసార్లు సరిచూసుకుంటే ఇలా జరగదు.

వాస్తవం: ఈ మేడమ్‌కి షెడ్యూలింగ్ కొట్టిన పిండి. కీని సరిచూసుకున్నారు కూడా. ఆమె చేసే పరీక్షలు మనందరం చేసేవే: బర్స్ట్‌లు కూడితే 10, చార్ట్ 10 దగ్గరే ముగిసింది, P1కి మొత్తం 5 యూనిట్లు అందాయి, మధ్యలో సీపీయూ ఖాళీగా లేదు. ఈ పరీక్షలన్నీ పై రెండు చార్టులూ పాసవుతాయి. లెక్క ఎన్నిసార్లు సరిచూసినా ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే లెక్కలో తప్పు లేదు.

మరి ఎలా వచ్చింది? అడిగితే చెప్పారు. మొదట ఆమె రాసిన ప్రశ్నలో చివరి వాక్యం లేదు. కీ అప్పుడే తయారైంది. తర్వాత పేపర్ చూసిన సీనియర్ సార్, "ఇక్కడ రెండు సమాధానాలు వస్తాయమ్మా, నియమం ఏదో ఒకటి రాయండి" అన్నారు. చాలా మంచి సలహా. ఆమె క్లాసులో చెప్పిన నియమాన్నే ప్రశ్నపత్రం ఫైల్‌లో చేర్చారు. కీ వేరే ఫైల్. అది తెరవలేదు.

నేను చూసిన కీ తప్పుల్లో ఎక్కువ ఈ జాతివే. తెలియక వచ్చినవి తక్కువ, చివర్లో చేసిన మంచి మార్పు వల్ల వచ్చినవి ఎక్కువ. అంకె మార్చుతాం, మాట మార్చుతాం, ఆప్షన్ల వరస మార్చుతాం, కీ మాత్రం పాత ప్రశ్నకి కాపలా కాస్తూ ఉండిపోతుంది. అందుకే ఇప్పుడు మా దగ్గర, ప్రశ్నపత్రంలో ఒక్క అక్షరం మారినా ఆ ప్రశ్న కీ కొట్టేసి మళ్లీ మొదటి నుంచి రాస్తాం. దిద్దడం లేదు, మళ్లీ రాయడమే.

అపోహ: తేడా కనిపించింది కాబట్టి హాల్లో చెప్పడమే నిజాయితీ.

వాస్తవం: తొమ్మిది యాభై రెండుకి మేడమ్ ఇంకా అదే అంటున్నారు. "చెప్పకపోతే పిల్లల్ని మోసం చేసినట్టు కాదా మేడమ్?" ఆ మాటలోని మంచితనం నాకు నచ్చింది. కానీ పిల్లల చేతికి వెళ్లేది ప్రశ్న, అది సరిగ్గా ఉంది. కీ మన దగ్గర ఉండే కాగితం. దాన్ని సరిచేయడానికి పరీక్ష ఆపక్కర్లేదు, దిద్దడం మొదలయ్యేలోపు మార్చుకుంటే చాలు.

ఆ వాక్యం కొట్టేయించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. నియమం పోతే ప్రశ్నకి నిజంగానే రెండు సమాధానాలు వచ్చేవి. తప్పు కీని కాపాడటానికి మంచి ప్రశ్నని పాడుచేసేవాళ్లం. పైగా ఆ రోజు పరీక్ష ఐదు గదుల్లో. నోటితో చెప్పిన మాట ఐదు గదుల్లో ఐదు రకాలుగా మారుతుంది. ఒక ఇన్విజిలేటర్ "చివరి లైన్ వదిలేయండి" అంటారు, ఇంకొకరు "నాలుగో ప్రశ్న వదిలేయండి" అంటారు.

ప్రశ్నే తప్పయిన సందర్భాలు వేరు. P2 అరైవల్ అచ్చులో ఎగిరిపోయిందనుకోండి, అప్పుడు చెప్పి తీరాలి. చెప్పే పద్ధతి మాత్రం ఇది: సవరణ వాక్యాన్ని కాగితం మీద రాసి, ఎగ్జామ్ బ్రాంచ్ సంతకంతో, అన్ని గదులకూ ఒకే కాపీ పంపాలి. ఇన్విజిలేటర్ దాన్ని బోర్డు మీద ఉన్నదున్నట్టు రాయాలి. ఏ గదికి ఎన్నింటికి అందిందో రాసుకోవాలి, ఎందుకంటే పది నిమిషాలు ఆలస్యంగా అందిన గదిలో అప్పటికే ఆ లెక్క చేసేసినవాళ్లుంటారు.

అపోహ: 3.33 రాసినా 3.67 రాసినా మార్కులు వేసేస్తే గొడవే ఉండదు.

వాస్తవం: ఇది అన్నిటికన్నా మెత్తగా వినిపించే అపోహ, అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది కూడా ఇదే. ప్రశ్న నియమం లేకుండా అచ్చయి ఉంటే రెండు సమాధానాలకూ పూర్తి మార్కులు వేయాల్సిందే. నియమం రాసి ఉన్నప్పుడు, దాన్ని చదివి పాటించినవాళ్లకూ చదవకుండా వదిలేసినవాళ్లకూ ఒకే మార్కు ఇస్తే, ఆ ప్రశ్న ఇక దేన్నీ పరీక్షించదు.

2024 నీట్-యూజీ గుర్తుండే ఉంటుంది. ఫిజిక్స్‌లో పరమాణువు మీద అడిగిన ఒక ప్రశ్నకి, పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చదివినవాళ్లకి ఒక ఆప్షన్, కొత్త పుస్తకం చదివినవాళ్లకి ఇంకో ఆప్షన్ సరైనదిగా కనిపించింది. రెండిటికీ మార్కులిచ్చారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు చెప్పినమీదట ఐఐటీ ఢిల్లీ ముగ్గురు నిపుణులతో చూపించి, సరైనది ఒక్క ఆప్షనే అని తేల్చింది. ఆ తర్వాత ఫలితాలు సవరించాల్సి వచ్చింది. అప్పటికి 720కి 720 వచ్చినవాళ్లలో కొందరు ఈ ఒక్క ప్రశ్న వల్ల ఆ స్థానం కోల్పోయారు. ఇచ్చిన మార్కు వెనక్కి తీసుకోవడం ఎంత బాధో చూశాం.

అపోహ: డిస్క్రిప్టివ్ ప్రశ్నే కదా, స్టెప్ మార్కులు కాపాడతాయి.

వాస్తవం: మా స్కీమ్‌లో గాంట్ చార్ట్‌కి 3, వెయిటింగ్ టైమ్‌లకి 1, సగటుకి 1. తప్పు కీతో దిద్దితే, సరిగ్గా రాసిన పిల్లాడి చార్ట్ రెండో గడిలోనే తేడాగా కనిపిస్తుంది. అక్కడి నుంచి అన్నీ తేడాలే. స్టెప్ మార్కులు అతన్ని కాపాడవు. రెండో సెక్షన్ పేపర్లు దిద్దేది వేరే లెక్చరర్. ఆయన ప్రశ్న మళ్లీ చేయరు, కీ చూసి దిద్దుతారు.

పది గంటలకు బెల్ కొట్టారు. పేపర్లు ఉన్నవి ఉన్నట్టే హాల్లోకి వెళ్లాయి. మేడమ్ నా పక్కనే కూర్చుని నాలుగో ప్రశ్న కీ కొత్తగా రాశారు, పాత కాగితానికి అడ్డగీత కొట్టి తేదీ, టైమ్ వేశారు. ఇద్దరం సంతకాలు చేసి, రెండో సెక్షన్ సార్‌కి ఆ కాపీ చేతికిచ్చి, పాతది వెనక్కి తీసుకున్నాం.

ఇంకో విషయం కూడా అప్పుడే తేల్చుకున్నాం, ఒక్క పేపర్ కూడా దిద్దకముందే. నియమం పాటించకుండా 3.33 రాసినవాళ్ల సంగతేమిటి? రౌండ్ రాబిన్ వాళ్లకు వచ్చు, ప్రశ్నలో ఒక వాక్యం వదిలేశారు. చార్ట్‌కి 3లో 1, ఆ చార్ట్ ప్రకారం వెయిటింగ్ టైమ్‌లు సరిపోతే 1, సగటు సరిపోతే 1. మొత్తం 5కి 3. స్కీమ్‌లో ఆ మాట రాసి, కింద మేడమ్ రెండో చార్ట్ కూడా గీశారు. పొద్దున ఆమె కీలో ఉన్న చార్టే అది.