బడి విడిచి వచ్చేముందు హెడ్మాస్టర్ గారికి రాసే ఉత్తరం

హనుమకొండ

బీఎడ్ చదువుతున్న బిడ్డలకు,

రెండో ఏడు 16 వారాల ఇంటర్న్‌షిప్ అయిపోవస్తుంటే హెడ్మాస్టర్ల టేబుల్ మీదికి కృతజ్ఞతల ఉత్తరాలు వస్తుంటాయి. 'తమరు అందించిన సహాయ సహకారములకు ధన్యవాదములు' అని అన్నింట్లో అదే మాట. బడి పేరు మారిస్తే పక్క ఊరికి కూడా పంపొచ్చు! నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్నే కాబట్టి చెప్తున్నా.

రాసేముందు ఒక్కటి ఆలోచించండి. హెడ్మాస్టర్ గారు కాకపోతే జరగని పని ఏది? పాఠం దిద్దింది మీ గైడ్ టీచర్. టైం టేబుల్ మార్చడం, ల్యాబ్ తాళం ఇప్పించడం మాత్రం హెడ్మాస్టర్ చేతిలో ఉండే పనులు.

ఎనిమిదో తరగతికి కణం పాఠం చెప్పిన అమ్మాయి ఇట్లా రాసిందనుకోండి:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కరించి రాయునది. ఉల్లిపొర స్లయిడు చూపించడానికి ఒక్క పీరియడు చాలదని నేను అడిగితే, మీరు పీఈటీ సార్‌తో మాట్లాడి ఆటల పీరియడును కలిపి ఇప్పించారు. ఉన్నది ఒక్క మైక్రోస్కోపే అయినా, తరగతిలో ప్రతి ఒక్కరూ కణం గోడలు చూసి బొమ్మ గీసుకున్నారు. బయాలజీ మేడం గారు వెనుక బెంచీలో కూర్చుని, ఆకుపచ్చ బోర్డు మీద నా అక్షరాలు కనిపించట్లేదని మొదటి రోజే చెప్పారు. కేంద్రకం వరకు చెప్పాను. మిగిలిన భాగం పీరియడ్ ప్లాన్‌తో సహా మేడం గారికి అప్పగించాను. స్లయిడ్లు, శాఫ్రనిన్ సీసా ల్యాబ్ బీరువాలో పెట్టాను. మీకు నా కృతజ్ఞతలు. ఇట్లు, మీ విధేయురాలు."

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు, అయినా ఆ హెడ్మాస్టర్ గారు రెండుసార్లు చదువుతారు. తను చేసిన సర్దుబాటు పిల్లల దాకా చేరిందని ఆయనకు ఇక్కడే తెలుస్తుంది. పీఈటీ సార్ మాట వదలకండి, పీరియడు పోగొట్టుకున్నది ఆయన కదా. ఇట్లాంటి ఉత్తరాన్ని చాలామంది హెడ్మాస్టర్లు స్టాఫ్ రూంలో చదివి వినిపిస్తారు. అక్కడ తమ పేరు రాకపోతే మేడం గారు నొచ్చుకోరా? పాఠం ఎక్కడ ఆగిందో రాయకపోతే తర్వాత వచ్చే టీచర్ చెప్పిందే మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

చదువులో వెనకబడిన పిల్లల పేర్లు మాత్రం ఇందులో వద్దు. ఇది ఆఫీసు ఫైల్లోకి పోయే కాగితం. అట్లాంటి సంగతి ఉంటే క్లాస్ టీచర్‌కు నోటితో చెప్పండి.

హాజరు సర్టిఫికెట్ మీద సంతకం అడిగే పూట ఈ ఉత్తరం ఇవ్వకండి, సంతకం కోసం రాసినట్టుంటుంది. సర్టిఫికెట్ చేతికొచ్చాక, మధ్యాహ్న భోజనం అయ్యాక ఆయన కాస్త తీరికగా ఉన్నప్పుడు మీరే వెళ్లి ఇవ్వండి. ఒక్క పేజీ చాలు, చేత్తో రాసిందైతే ఇంకా మంచిది.

ఇట్లు,
మీ రిటైర్డ్ హెడ్మాస్టర్ తాత