"ముట్టుకోవద్దు" అన్న మాటే ముందు జారిపోతుంది

పాత ఇంటర్వ్యూల రికార్డింగులు టైప్ చేసి పుస్తకంగా సర్దుతున్న స్నేహితురాలు ఒకావిడ పోయిన వారం నాకు రెండు స్క్రీన్‌షాట్లు పంపింది. మొదటిదాంట్లో చాట్‌బాట్‌కి ఆమె పెట్టిన మొట్టమొదటి మెసేజ్ ఉంది: "స్పెల్లింగ్ తప్పులు మాత్రమే దిద్దు. కోట్స్‌లో ఉన్నవి మనుషులు పలికిన మాటలు, తప్పులా కనిపించినా వాటిని ముట్టుకోవద్దు." రెండోది ఇంచుమించు నలభై మెసేజ్‌ల తర్వాతది. ఒక పెద్దాయన "మేం నడిచే వొచ్చినాం" అన్నచోట బాట్ చక్కగా "మేము నడిచే వచ్చాము" అని దిద్దేసింది. ఆ పెద్దాయన గొంతే పోయింది అక్కడ. "మొదట్లోనే చెప్పాను కదా, ఎలా మర్చిపోయింది?" అని అడిగింది.

మర్చిపోవడం అంటే ముందు గుర్తుండాలి కదా, ఇక్కడ అదే లేదు. ఆస్పత్రిలో ప్రతి గంటకీ కొత్త నర్సు డ్యూటీ ఎక్కుతుందనుకోండి, ఆ నర్సు ఈ పేషెంట్‌ని ఇంతకుముందెప్పుడూ చూడలేదు, తెలిసిందల్లా మంచం దగ్గరున్న ఫైల్లో రాసింది మాత్రమే. ఫైలు మొదటి పేజీ నుంచి చదువుతుంది, చేయాల్సింది చేస్తుంది, ఒక పేజీ రాసి వెళ్ళిపోతుంది. మామూలు చాట్‌లో జరిగేది అచ్చం ఇదే. మీరు పంపిన ప్రతి మెసేజ్‌కీ అప్పటిదాకా నడిచిన సంభాషణ మొత్తం మళ్ళీ మోడల్ ముందుకి, అంటే చాట్‌బాట్ వెనక జవాబు రాసే ప్రోగ్రాం ముందుకి వెళ్తుంది. ఫైల్లో లేనిది దానికి లేనట్టే.

ఫైలు మందానికి హద్దు ఉంటుంది, దాన్నే కాంటెక్స్ట్ విండో అంటారు, టోకెన్లలో, అంటే మోడల్ పాఠాన్ని కోసుకునే చిన్న చిన్న ముక్కల్లో కొలుస్తారు. తెలుగు మాట ఒక్కోటి చాలాసార్లు నాలుగైదు టోకెన్లుగా ముక్కలవుతుంది కాబట్టి మన ఫైలు త్వరగా నిండుతుంది. లెక్క తేలిగ్గా ఉండాలని చిన్న విండో తీసుకుందాం, 8,000 టోకెన్లు. రాబోయే జవాబు కోసం 1,000 పక్కన పెట్టాలి. ఒక ప్రశ్న, దాని జవాబు కలిపి సగటున 400 అనుకుంటే పదిహేడు జతలకే ఫైలు నిండిపోయింది. ఇప్పటి మోడళ్ళలో లక్షల టోకెన్ల విండోలు ఉన్నాయి, అయినా పెద్ద పెద్ద డాక్యుమెంట్లు పేస్ట్ చేస్తూ పోతే ఇదే రోజు కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే.

నిండాక ఏం చేయాలి? అన్నిటికంటే సులువైన పద్ధతి పాత పేజీలు చింపెయ్యడం. పద్దెనిమిదో జత రాగానే మొదటి జత పోతుంది. చాలా సంభాషణల్లో అసలు నియమాలన్నీ ఉండేది ఆ మొదటి పేజీలోనే! "గుర్తుపెట్టుకో" అని మూడుసార్లు రాస్తే, ఆశ్చర్యార్థకాలు పెడితే, "దయచేసి" చేరిస్తే నియమం నిలుస్తుందని ఒక నమ్మకం బాగా ప్రచారంలో ఉంది, ఇది తాయెత్తు కట్టడం లాంటిదే. పేజీ ఫైల్లో ఉన్నంతసేపు నొక్కి చెప్పడం పనికొస్తే రావచ్చు, పేజీయే పోయాక ఎర్ర సిరాతో రాసినా ఒకటే.

అందుకని రెండో పద్ధతి వచ్చింది, పాత పేజీల్ని చింపకుండా వాటి సారాంశం రాయించి ఆ పేజీల స్థానంలో పెట్టడం. వినడానికి బాగుంది, కానీ నా స్నేహితురాలి కేసులో దెబ్బ తగిలింది ఇలాంటి చోటే అని నా అనుమానం. మొదటి సారాంశం ఇలా ఉంటుందనుకోండి: "ఇంటర్వ్యూల స్పెల్లింగ్ దిద్దుతున్నాం. కోట్స్ అలాగే ఉంచాలి. మొదటి రెండు అధ్యాయాలు అయ్యాయి." చూశారా, "తప్పులా కనిపించినా" అన్న ముక్క అప్పుడే పోయింది, ఇక "అలాగే ఉంచాలి" అంటే కోట్ గుర్తులు ఉంచాలనా, లోపలి మాటలు ఉంచాలనా అన్నది తేలదు. ఫైలు మళ్ళీ నిండితే ఈ సారాంశానికీ కొత్త పేజీలకీ కలిపి ఇంకో సారాంశం: "ఇంటర్వ్యూల ప్రూఫ్‌రీడింగ్ నడుస్తోంది. నాలుగు అధ్యాయాలు పూర్తి. ఐదులో ఊరి పేర్లు ఒకేలా ఉండాలి." కోట్స్ ఊసే లేదు.

ఎందుకిలా అవుతుందో ఆలోచిస్తే నాకు భలే ఆసక్తిగా అనిపిస్తుంది. సారాంశం అంటే జరిగినవాటి కథ. నిషేధం పాటించినంతకాలం ఏమీ జరగదు! పేషెంట్‌కి పెన్సిలిన్ పడదు అనుకోండి, ఎవరూ పెన్సిలిన్ ఇవ్వలేదు, ఏ గొడవా రాలేదు, కాబట్టి మూడోరోజు నోట్స్‌లో దాని ప్రస్తావన ఉండాల్సిన అవసరమే ఎవరికీ కనబడదు. జ్వరం ఎంత, ఏం తిన్నారు, ఏ టెస్ట్ చేశారు, ఇవే ఉంటాయి. నియమం ఎంత బాగా పనిచేస్తే సారాంశంలోంచి అంత త్వరగా జారిపోయే ప్రమాదం ఉంది.

ఆస్పత్రుల్లో దీనికి విరుగుడు పాతదే, అలర్జీని రోజువారీ నోట్స్‌కి వదిలెయ్యరు, ఫైలు అట్టమీదే కొట్టొచ్చినట్టు రాస్తారు. సంభాషణలోనూ అదే చేయాలి. మొదట్లో చెప్పిన నియమాల్ని బయటికి తీసి, మాట మార్చకుండా విడిగా దాచి, ప్రతిసారీ అన్నిటికంటే పైన పెట్టాలి. సారాంశం రాసేవాళ్ళ చేతికి వాటిని ఇవ్వకూడదు. ప్రోగ్రాం రాసేవాళ్ళకి ఇది ఇంతే:

```
messages = [rules, summary] + turns[-8:]
```

`rules` వాడినవాళ్ళ సొంత మాటల్లోనే, ఎప్పటికీ కుదించకుండా. `summary` మాత్రం తిరగరాస్తూ ఉండొచ్చు. చివరి ఎనిమిది ఎంట్రీలు, అంటే నాలుగు జతలు, యథాతథంగా, ఎందుకంటే "పైన చెప్పిన రెండోది మార్చు" లాంటి మాటలకి అసలు పాఠం దగ్గర ఉండాలి. పై లెక్కలోనే చూస్తే నియమాలకి 300, సారాంశానికి 1,000, చివరి నాలుగు జతలకి 1,600, జవాబుకి 1,000, అన్నీ కలిపి 3,900. సగం విండో ఇంకా ఖాళీగానే ఉంది, అందుకని నిండి పొంగిపోయేదాకా ఆగకుండా కాస్త ముందే తీరుబడిగా కుదించుకోవచ్చు.

అట్టమీద రాయడంలోనూ ఒక చిక్కుంది. మధ్యలో నా స్నేహితురాలే "ఐదో అధ్యాయంలో కోట్స్ కూడా దిద్దు, అవి నేనే తప్పుగా టైప్ చేశాను" అంటే? కొత్త నియమాన్ని ఊరికే కింద చేర్చేస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. పాతదాన్ని చెరిపేస్తే ఆరో అధ్యాయం గోవిందా. పాత నియమం పక్కనే "ఐదో అధ్యాయానికి మినహా" అని రాసి, ఎన్నో మెసేజ్‌లో మారిందో గుర్తుపెట్టాలి.

ఇంకొకటి, ఫైల్లో ఉన్నంతమాత్రాన సరిగ్గా వాడుతుందన్న హామీ కూడా లేదు. 2023లో వచ్చిన ఒక పరిశోధన పొడవాటి పాఠాలిచ్చి చూస్తే, అప్పటి మోడళ్ళు మొదట్లో, చివర్లో ఉన్న సమాచారాన్ని బాగా వాడుకుని మధ్యలో ఉన్నదాన్ని ఎక్కువగా జారవిడిచాయి. అందుకే బాగా ముఖ్యమైన నిషేధం ఒకటుంటే దాన్ని కొత్త మెసేజ్‌కి ముందు ఇంకోసారి ఒక లైనుగా పెట్టడం మంచిది. ఇరవై నియమాలూ అలా పెడితే మళ్ళీ మొదటికొస్తుంది.

కుదించాక నియమం బతికుందో లేదో తెలుసుకోవడానికి చాలామంది "నా నియమాలేంటో చెప్పు" అని అడుగుతారు. అది సరిపోదు, క్లాసులో సూత్రం గడగడా అప్పజెప్పి లెక్క తప్పుచేసే పిల్లల్ని చూసినవాళ్ళకి ఈ తేడా తెలుసు. నియమం తగిలే పని ఇచ్చి చూడాలి. నా స్నేహితురాలికి చెప్పింది ఇదే: "వొచ్చినాం" లాంటి మాట ఒకటి కోట్స్ లోపల, అదే మాట కోట్స్ బయట ఇంకోసారి ఉండేలా రెండు లైన్ల పేరా రాసిపెట్టుకో, ప్రతి కొత్త అధ్యాయానికి ముందు దాన్ని దిద్దమని పంపు. బయటిది మారి లోపలిది అలాగే ఉంటే ముందుకెళ్ళు. రెండూ మారితే మొదటి మెసేజ్‌ని మళ్ళీ పేస్ట్ చేసి, అంతకుముందు అధ్యాయంలోని కోట్స్ అన్నీ రికార్డింగుతో ఒకసారి సరిచూసుకో.