మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఓవర్‌హెడ్స్ లెక్క: అపోహలు, వాస్తవాలు

చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల కాస్టింగ్ చూసేవాళ్లకు ప్రతి మార్చి నెలాఖరులో ఒకే తలనొప్పి. తోతాపురి సీజన్ రెండు మూడు నెలల్లో అయిపోతుంది. వాచ్‌మన్ జీతం, ఇన్సూరెన్స్, మెషీన్ల తరుగుదల మాత్రం పన్నెండు నెలలూ నడుస్తాయి. ఓవర్‌హెడ్స్ అనే ఇలాంటి పరోక్ష ఖర్చును టన్ను గుజ్జుకు ఎంత అంటగట్టాలో సీజన్‌కు ముందే అంచనా వేసి ఒక రేటు పెట్టుకుంటాం. అదే ఓవర్‌హెడ్ అబ్జార్ప్షన్ రేటు. ఏడాది చివర అసలు ఖర్చు, రేటు ప్రకారం ఉత్పత్తికి ఎక్కించిన ఖర్చు ఒకటి కావు. ఎక్కించింది తక్కువైతే అండర్ అబ్జార్ప్షన్, ఎక్కువైతే ఓవర్ అబ్జార్ప్షన్. ఈ తేడాను ఏం చేయాలన్న దగ్గరే అపోహలన్నీ పుడతాయి.

లెక్క కోసం ఒక యూనిట్‌ను ఊహించుకుందాం. మామూలు సీజన్లలో సగటున 8,000 టన్నుల గుజ్జు తీస్తుంది. ఏడాదికి ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్స్ అంచనా 2.40 కోట్లు. అందులో ఉత్పత్తి ఉన్నా లేకున్నా మారని స్థిర ఖర్చు 1.68 కోట్లు, అంటే టన్నుకు 2,100. బాయిలర్ ఇంధనం, కరెంటు లాంటి మారే ఖర్చు 72 లక్షలు, టన్నుకు 900. మొత్తం రేటు టన్నుకు 3,000 రూపాయలు. కాయ ధర, డ్రమ్ములు, బ్యాగులు నేరుగా గుజ్జు ఖర్చులోకి వెళ్తాయి, ఓవర్‌హెడ్స్‌లోకి రావు. ఆఫీసు, అమ్మకాల ఖర్చులనూ ఇక్కడ కలపకూడదు.

అపోహ: కాయ ఖర్చు మీద శాతం వేస్తే చాలు, అదే సులువు.

సులువే, కానీ మన జిల్లాలో ఇది పనికిరాదు. బాయిలర్ ఎన్ని గంటలు మండాలన్నది కాయ ఎంత వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది, మండీలో ధర ఎంత పలికిందన్న దాన్ని బట్టి కాదు. 8,000 టన్నుల గుజ్జుకు 16,000 టన్నుల కాయ, కిలో 15 రూపాయల చొప్పున 24 కోట్లు అవుతుందని అంచనా వేసి 10 శాతం రేటు పెట్టారనుకోండి. 2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 రూపాయలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించారు. ఫ్యాక్టరీ కాయ ఖర్చు ఆ 8 రూపాయల చొప్పునైతే 12.80 కోట్లే. 10 శాతం అంటే 1.28 కోట్లు మాత్రమే ఉత్పత్తికి ఎక్కుతుంది. టన్నులూ ఖర్చూ అనుకున్నట్టే ఉన్నా పుస్తకంలో 1.12 కోట్ల అండర్ అబ్జార్ప్షన్ కనిపిస్తుంది. దీనికి కారణం ఫ్యాక్టరీలో ఎక్కడ వెతికినా దొరకదు, ఎందుకంటే తప్పు రేటు పునాదిలోనే ఉంది. ఒకే రకం గుజ్జు తీసే చోట టన్ను, డబ్బాలూ డ్రమ్ములూ రెండూ నింపే చోట మెషీన్ గంటలు సరైన ఆధారం.

అపోహ: ఏ నెల తేడాను ఆ నెల లాభనష్టాల్లో తీసేయాలి.

స్థిర ఖర్చునే చూద్దాం. నెలకు 14 లక్షలు. ఏప్రిల్, మే నెలల్లో లైన్ నడవదు కాబట్టి ఒక్క రూపాయీ ఎక్కదు, అంతా అండర్ అబ్జార్ప్షన్. జూన్ నుంచి ఆగస్టు లోపు 8,000 టన్నులూ తీసేస్తే 1.68 కోట్లు ఎక్కుతాయి. అప్పటికి ఐదు నెలల అసలు ఖర్చు 70 లక్షలే. కాబట్టి ఆగస్టు చివర 98 లక్షల ఓవర్ అబ్జార్ప్షన్ కనిపిస్తుంది. యజమానికి అది లాభంలా అనిపిస్తే ప్రమాదం. సెప్టెంబరు నుంచి మార్చి దాకా మిగిలిన ఏడు నెలలకు నెలకు 14 లక్షల చొప్పున కావలసినవి సరిగ్గా ఆ 98 లక్షలే. అందుకే సీజన్ ఫ్యాక్టరీలో నెలవారీ లోపలి లెక్కల్లో ఈ తేడాను ఒక ఖాతాలో ఉంచి ముందుకు తీసుకెళ్తాం. కానీ మార్చి 31 తర్వాతకు మాత్రం తీసుకెళ్లకూడదు. పై సంవత్సరం గుజ్జుకు ఈ ఏటి వాచ్‌మన్ జీతంతో సంబంధం లేదు.

అపోహ: అండర్ అబ్జార్ప్షన్ అంటే ఎవరో దుబారా చేశారు. ఆ మొత్తాన్ని గుజ్జు మీద వేసేస్తే సరి.

అన్నిటికంటే ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. మన యూనిట్‌లో ఒక ఏడాది కాయ తక్కువ దిగి 7,000 టన్నులే తీశారనుకుందాం. టన్నుకు 3,000 చొప్పున 2.10 కోట్లు ఎక్కాయి. అసలు ఖర్చు 2.38 కోట్లు. తేడా 28 లక్షలు.

ముందు ఈ 28 లక్షలను విడగొట్టాలి. స్థిర ఖర్చు అనుకున్నట్టే 1.68 కోట్లు అయింది, కానీ 7,000 టన్నులకు ఎక్కింది 1.47 కోట్లే. అంటే 21 లక్షలు ఖాళీగా ఉన్న సామర్థ్యం ఖర్చు. ఇందులో దుబారా ఏమీ లేదు. మారే ఖర్చు 63 లక్షలు కావలసింది 70 లక్షలయింది. ఇంధనం ధర పెరిగి టన్నుకు 900 బదులు 1,000 పడింది. సూపర్‌వైజర్‌ను అడగాల్సింది ఈ 7 లక్షల గురించే.

ఈ రెంటికీ ముగింపు వేరు. ఇంధనం ఆ గుజ్జు తయారీకే మండింది, కాబట్టి టన్నుకు 100 రూపాయల అనుబంధ రేటు వేసి సర్దాలి. మార్చి 31న లైన్ ఆగిపోయి ఉంటుంది, సగం తయారైన సరుకు ఉండదు. అందువల్ల పంచాల్సింది రెండు చోట్లకే. 4,900 టన్నులు అమ్ముడై 2,100 టన్నులు గోడౌన్‌లో ఉంటే, 4.90 లక్షలు అమ్మిన సరుకు ఖర్చులోకి, 2.10 లక్షలు స్టాక్ విలువలోకి వెళ్తాయి. 21 లక్షలు మాత్రం నేరుగా లాభనష్టాల ఖాతాలోకి పోవాలి. స్టాక్ విలువ కట్టే అకౌంటింగ్ స్టాండర్డ్ 2 కూడా స్థిర ఖర్చును మామూలు సామర్థ్యం మీదే పంచమంటుంది, ఉత్పత్తి తగ్గిందని టన్ను మీద భారం పెంచనివ్వదు.

విడగొట్టకుండా మొత్తం 28 లక్షలూ గుజ్జు మీద వేస్తే టన్నుకు 400 పడుతుంది. స్టాక్ 2.10 లక్షల బదులు 8.40 లక్షలు పెరుగుతుంది. ఆ 6.30 లక్షలు ఈ ఏడాది లాభంలో లేనిపోని బలుపు. ఖాళీగా ఉన్న యంత్రాల ఖర్చు గోడౌన్‌లో ఆస్తిగా కూర్చుంటుంది. బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లోనూ అదే విలువ పెడితే డ్రాయింగ్ పవర్, అంటే స్టాక్ మీద బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు పరిమితి, కూడా తప్పుగా వస్తుంది. ఆడిట్‌లో దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. స్టాక్‌లో టన్నుకు వేసిన స్థిర ఖర్చును గత సంవత్సరాలతో పోల్చితే చాలు. ఖర్చు పెరగకుండా ఆ అంకె పెరిగిందంటే టన్నులు తగ్గాయన్నమాట.

ఇదే లెక్కతో వచ్చే ఏడాది రేటు పెంచేసేవాళ్లూ ఉన్నారు. 1.68 కోట్లను 7,000తో భాగిస్తే టన్నుకు 2,400 వస్తుంది. ఆ ధరతో కొటేషన్ ఇస్తే ఎగుమతి ఆర్డర్ పోతుంది, ఆర్డర్ పోతే టన్నులు ఇంకా తగ్గుతాయి, రేటు ఇంకా పెరుగుతుంది. మామూలు సామర్థ్యం అంటే నిన్నటి సీజన్ ఒక్కటే కాదు. మరమ్మతుల కోసం ఆపే రోజులు తీసేసి, కొన్ని మామూలు సీజన్ల సగటు మీద నిలిచే అంకె అది. ఒకటి రెండు సీజన్లు తగ్గినంత మాత్రాన మార్చను. వరసగా తగ్గుతూ కాయ వచ్చే ప్రాంతమే కుదించుకుపోతే మార్చక తప్పదు.

అపోహ: ఓవర్ అబ్జార్ప్షన్ అంటే మిగులు, అలా ఉంచేయొచ్చు.

కాయ విరగకాసిన ఏడాది 10,000 టన్నులు తీశారనుకోండి. మారే ఖర్చు అంచనాకు తగ్గట్టే ఉందనుకుంటే, స్థిర ఖర్చు కింద 2.10 కోట్లు ఎక్కుతుంది. అసలు అయింది 1.68 కోట్లే. 42 లక్షలు ఎక్కువ. ఇక్కడ మామూలు సామర్థ్యం వాదన పనిచేయదు, ఎందుకంటే పెట్టిన ఖర్చు కంటే ఎక్కువ విలువకు స్టాక్ చూపకూడదు. టన్నుకు 2,100 తీసేసి అసలు పడిన 1,680 వేయాలి. గోడౌన్‌లో 3,000 టన్నులుంటే టన్నుకు 420 చొప్పున స్టాక్ విలువ 12.60 లక్షలు తగ్గించాలి. మిగతా 29.40 లక్షలు అమ్మిన సరుకు ఖర్చులోంచి తగ్గుతాయి. ఆ భాగం వరకూ లాభం పెరగడం న్యాయమే, ఎక్కువ టన్నులు తీసినందుకు వచ్చిందే కాబట్టి. స్టాక్‌లోని 12.60 లక్షలను వదిలేస్తే మాత్రం, అమ్మని గుజ్జు మీద లాభం రాసుకున్నట్టే.