తుక్కు విలువను రెండుసార్లు తీసేస్తే: తరుగుదల లెక్కలో అపోహలు, వాస్తవాలు

అమీర్‌పేటలో చిన్న కంపెనీ నడిపే ఒకాయన గొంతు మొన్న ఫోన్‌లో వణుకుతోంది. ఒక అంతస్తు ఖాళీ చేస్తూ బల్లలు, కుర్చీలు, పార్టిషన్లు అన్నీ కలిపి పాత సామాను కొనేవాళ్లకు 52,000కు ఇచ్చేశారట. అకౌంట్స్‌లో చూస్తే అమ్మకం మీద 45,000 పైన నష్టం. "మేడం, బేరం చేసింది మా బామ్మర్ది. సామాను ఇంకా ఎక్కువకే పోయిందేమో, మధ్యలో వాడేమన్నా తిన్నడా?" అని అడిగారు.

పుస్తకాల్లో ఆ ఫర్నిచర్ విలువ ఎంత ఉందో చెప్పమన్నాను. 97,478 అన్నారు. కొన్నదెంతకు? 10 లక్షలు, 2014 ఏప్రిల్‌లో. బామ్మర్ది జోలికి పోవద్దని అప్పుడే చెప్పేశాను. 10 లక్షల సామాను పదేళ్లు వాడాక పుస్తకాల్లో 97,500కు అటూ ఇటుగా మిగిలిందంటే దొంగ ఎక్సెల్ షీట్‌లోనే ఉంటాడు.

అపోహ: ఏ పద్ధతైనా ముందు ఖరీదులోంచి తుక్కు విలువ తీసేయాలి

ఇంటర్‌లో మనందరి చేతా బట్టీ పట్టించిన సూత్రం స్థిర వాయిదాల పద్ధతిది: ఖరీదులోంచి తుక్కు విలువ, అంటే వాడకం అయ్యాక ఆ వస్తువుకు వస్తుందనుకునే డబ్బు, తీసేసి, మిగిలినదాన్ని ఏళ్లతో భాగించు. చెయ్యి దానికి ఎంతగా అలవాటు పడుతుందంటే, ఏటా మిగిలిన విలువ మీదే శాతం వేసే తగ్గుతున్న నిల్వల పద్ధతిలోనూ తుక్కు విలువ కనిపిస్తే చాలు, ముందు దాన్ని తీసేస్తాం. సూత్రం సరైనదే, శాతమూ సరైనదే. ఆ శాతాన్ని ఏ అంకె మీద వేశామన్నదే తప్పు.

ఈయన కేసే చూద్దాం. కంపెనీల చట్టం 2013, షెడ్యూల్ 2 ప్రకారం మామూలు ఫర్నిచర్ ఆయుష్షు 10 ఏళ్లు. తుక్కు విలువ మామూలుగా ఖరీదులో 5 శాతం మించకూడదు. అంటే 10 లక్షలకు 50,000. స్థిర వాయిదాల్లో అయితే 9,50,000ను 10తో భాగిస్తే ఏడాదికి 95,000. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు.

తగ్గుతున్న నిల్వల పద్ధతికి వాడే రేటు 25.89 శాతం. ఈ అంకె పట్టికలో ఉందని వాడేస్తారు కానీ ఎట్లా పుట్టిందో చూడరు. 10 లక్షలు ఏటా ఎంత శాతం తగ్గుతూ పోతే పదేళ్లకు సరిగ్గా 50,000కు దిగుతుందో అదే ఆ రేటు:

```
=1-(50000/1000000)^(1/10)
```

తుక్కు విలువ రేటు కడుపులోనే ఉందన్నమాట. కాబట్టి దాన్ని పూర్తి ఖరీదు మీదే వేయాలి. మొదటి ఏడాది 2,58,900 పోతుంది, 7,41,100 మిగులుతుంది. రెండో ఏడాది ఆ 7,41,100 మీద 1,91,871. ఇట్లా వెళ్తే పదో ఏడాది చివర 49,977 మిగులుతుంది. రేటును రెండు దశాంశాలకు కుదించినందుకే ఆ 23 రూపాయల తేడా. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఈయన షీట్ తెరిపించాను. C5లో ఉండేది ఆ ఏడాది మొదట్లో ఉన్న విలువ. కింద మొదటిది ఉండాల్సిన సూత్రం, రెండోది షీట్‌లో ఉన్నది:

```
=C5*25.89%
=(C5-50000)*25.89%
```

రెండోదాంట్లో ఏటా 50,000 పక్కన పెట్టి, మిగిలిన 9,50,000నే తగ్గిస్తున్నారు. మొదటి ఏడాది 2,58,900 బదులు 2,45,955 పడింది. తేడా 12,945 కదా, ఎవరి కంటికీ ఆనదు. పదేళ్లయ్యాక ఆ 9,50,000లో 5 శాతం, అంటే 47,500 దాకా కరగకుండా మిగిలిపోయింది. పక్కన పెట్టిన 50,000 ఎట్లాగూ ఉంది. రెండూ కలిపితే 97,478. లెక్క సరిగ్గా ఉండి ఉంటే 52,000 అమ్మకం మీద ఆయనకు రెండు వేల లాభం కనిపించేది. ఆ రెండు వేల కోసం బామ్మర్దిని ఎవరూ అనుమానించరు!

తుక్కు 5 శాతం అనుకుని దాన్ని రెండుసార్లు తీసేస్తే, ఆయుష్షు ఎన్నేళ్లదైనా చివర మిగిలేది ఖరీదులో 9.75 శాతం. స్థిర వాయిదాల్లోనూ ఇదే. 95,000ను శాతంగా మార్చి 9.5 అని రాసుకుంటారు. తర్వాత ఎవరో దాన్ని 9,50,000 మీద వేస్తారు. ఏటా 90,250 చొప్పున పదేళ్లకు 9,02,500 పోయి 97,500 మిగులుతుంది. పద్ధతులు వేరైనా రోగం ఒకటే కాబట్టి చివరి అంకె కూడా దాదాపు ఒకటే. నేను సీఏ ఆర్టికల్‌షిప్‌లో ఉన్నప్పుడు చేసింది ఈ రెండో రకం. మా సార్ షీట్ మొత్తం చదవలేదు, చివరి గడి చూసి పెన్నుతో ఒక గీత గీసి వెనక్కి తోశారు. ఎక్కడ తప్పిందో దొరికేసరికి రాత్రి తొమ్మిదయింది, హాస్టల్లో అన్నం అయిపోయింది. అప్పటినుంచి నేనూ ముందు చివరి గడే చూస్తాను.

కాబట్టి అడగాల్సింది ఒక్కటే: ఈ శాతం ఎక్కడినుంచి వచ్చింది? 100ను 10తో భాగించి తెచ్చిన 10 శాతమైతే దానికి తుక్కు సంగతి తెలీదు, అక్కడ మీరే తీసేసి 9,50,000 మీద వేయాలి. 9.5, 25.89 లాంటివైతే తుక్కు వాటిలోనే ఉంది, మీరు ముట్టుకోవద్దు. తుక్కు విలువ మారితే మాత్రం రేటు కూడా మారాలి. అదే ఫర్నిచర్‌కు తుక్కు 1 శాతమే అనుకుంటే రేటు 36.90 అవుతుంది. తుక్కు సున్నా పెడితే పైన ఇచ్చిన సూత్రం మొదటి ఏడాదే 100 శాతం తీసేస్తుంది. అట్లాంటప్పుడు స్థిర వాయిదాలే వాడుకోండి.

పరీక్షలకు చదివే పిల్లలకు ఒక మాట. "తగ్గుతున్న నిల్వల పద్ధతి, రేటు 20 శాతం, తుక్కు విలువ 5,000" అని ప్రశ్నలో ఇస్తే ఆ 5,000ను ఖరీదులోంచి తీయకండి. అది ఎర. తరుగుదల అంతకంటే కిందికి దిగకుండా ఆపడానికే దాని అవసరం.

అపోహ: రేటు ఎప్పుడూ అసలు ఖరీదు మీదే

ఇది తిరగబడ్డ తప్పు. ఏటా 10 లక్షల మీదే 25.89 శాతం వేస్తే మూడేళ్లలో 7,76,700 పోతుంది, నాలుగో ఏడాదికి పదేళ్ల బల్ల తుక్కు విలువకు దిగిపోతుంది. రేటు 25.89 అని ఉండి తరుగుదల మాత్రం ఏటా ఒకే మొత్తం కనిపిస్తే ఇదే జరుగుతున్నట్టు. దీన్ని ఎవరో ఒకరు తొందరగానే పట్టుకుంటారు కాబట్టి నాకు పెద్ద బెంగ లేదు.

అపోహ: తగ్గుతున్న నిల్వల్లో మొత్తం తరుగుదల ఎక్కువ

కాదు. రెండింట్లోనూ పదేళ్లకు 9,50,000 పోవాల్సిందే. ఒకదాంట్లో ముందే ఎక్కువ పోతుంది, అంతే.

అపోహ: ఇన్‌కమ్ టాక్స్‌కు కూడా ఇదే షీట్ చాలు

చాలదు. అక్కడ ఫర్నిచర్‌కు 10 శాతం, అదీ ఒకే రకం, ఒకే రేటు ఆస్తులన్నీ కలిపిన బ్లాక్ మొత్తం మీద. తుక్కు విలువ అన్న మాటే లేదు. కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే సగం రేటే. ఇప్పుడు కొంటున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: బిల్లు మీది జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటే, అంటే దాన్ని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకుంటే, ఆ పన్ను ఖరీదులో కలవదు. 10 లక్షల సామానుకు 18 శాతం పన్నుతో బిల్లు 11,80,000 ఉన్నా, తరుగుదల మొదలుపెట్టాల్సింది 10 లక్షల నుంచే.