యజమాని మునిగాడు, ఓడలు తేలాయి: చవక రవాణా వెనుక కథ

ఎర్ర సముద్రం దారి మాట మళ్లీ మొదలైంది. దాంతోపాటే హైదరాబాద్ ఎగుమతిదారులకూ షిప్పింగ్ లైన్లకూ మధ్య సర్‌ఛార్జీల గొడవ కూడా. సనత్‌నగర్ కంటైనర్ డిపోలో సీలు వేసి, రైల్లో నవా షేవా రేవుకు పంపే మందుల కంటైనర్ బిల్లు ఒకటి చూడండి. ఓషన్ ఫ్రైట్, అంటే ఓడ కిరాయి, అని ఒక వరస ఉంటుంది. దాని కింద ఇంధనం పేరిట వేసే బంకర్ సర్‌ఛార్జి, పీక్ సీజన్ సర్‌ఛార్జి, టెర్మినల్ హ్యాండ్లింగ్, డాక్యుమెంట్ ఫీజు. ఒక్కోసారి కింది వరసలన్నీ కలిపితే పైదాన్ని మించిపోతాయి.

లైన్ల మాట సూటిగానే ఉంది. ఓడలు ఎర్ర సముద్రం, సూయెజ్ దారి వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగితే ఇంధనం, రోజులు పెరుగుతాయి, ఖర్చు పెరిగింది కాబట్టి రేటు పెంచాం అంటున్నాయి. పాత రేట్లు నిలిచేవి కావని కూడా అంటున్నాయి. ఈ రెండో మాటలో కొంత నిజం ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే అందరూ చెప్పే 1956 నాటి తొలి కంటైనర్ ఓడ కథ చాలదు, 1980ల మధ్యకు వెళ్లాలి.

కంటైనర్ వచ్చాక రేవులో కూలి ఖర్చు తగ్గింది, దొంగతనాలు తగ్గాయి. కానీ ఆ లాభం సరకు పంపేవాడికి వెంటనే అందలేదు. కారణం కాన్ఫరెన్సులు. ఒక దారిలో తిరిగే కంపెనీలన్నీ కూర్చుని రేట్లు నిర్ణయించుకునే ఈ పద్ధతికి మొదటి పేరున్న ఉదాహరణ మన దారిదే: 1875 నాటి బ్రిటన్-కలకత్తా కాన్ఫరెన్స్. సరకును బట్టి రేటు ఉండేది. తేయాకుకు ఒకటి, యంత్రాలకు ఒకటి. కంటైనర్‌లో ఏముందో ఓడకు అనవసరం, అది ఆక్రమించే చోటు ఒక్కటే. అయినా కంటైనర్లు వచ్చి చాలా ఏళ్లయ్యాక కూడా సరకును అడిగే రేటు చెప్పేవారు.

దీన్ని గట్టిగా కదిపింది 1984 నాటి అమెరికా షిప్పింగ్ చట్టం. అమెరికా రాకపోకల్లో కాన్ఫరెన్సులు కొనసాగవచ్చు, కానీ అందులోని సభ్యుడెవరైనా ముందుగా నోటీసు ఇచ్చి సొంత రేటు పెట్టుకోవచ్చని చెప్పింది. పెద్ద ఎగుమతిదారు ఏడాదికి ఇన్ని కంటైనర్లు ఇస్తానని మాట ఇచ్చి, తగ్గింపు రేటుకు సర్వీస్ కాంట్రాక్టు రాసుకునే వీలూ వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఓడలు ఎక్కువయ్యాయి. ఇక్కడ ఒక మనిషి కథ చెప్పాలి. కంటైనర్ రవాణాను నిలబెట్టిన మాల్కమ్ మెక్‌లీన్ తన సీ-ల్యాండ్ కంపెనీని 1969లో అమ్మేశాడు. చమురు చవగ్గా ఉన్న రోజుల్లో అతని హయాంలో ఆర్డరిచ్చిన ఓడలు 33 నాట్ల వేగంతో పరిగెత్తేవి. 1973లో చమురు ధర ఎగరడంతో అవి గుదిబండలయ్యాయి. 1978లో యునైటెడ్ స్టేట్స్ లైన్స్‌ను కొన్న మెక్‌లీన్ ఈసారి పాఠం నేర్చుకున్నాననుకున్నాడు. చమురు ఇంకా పెరుగుతుందని లెక్కేసి, దక్షిణ కొరియాలోని దేవూ యార్డుకు పన్నెండు భారీ ఓడలు ఆర్డరిచ్చాడు. ఒక్కోదానిలో 20 అడుగుల కంటైనర్లు 4,400 దాకా పడతాయి. అప్పటికి అంతకంటే పెద్ద కంటైనర్ ఓడలు లేవు. పనామా కాలువలో పట్టే వెడల్పులో, వీలైనంత డబ్బా ఆకారంలో కట్టారు. వేగం 18 నాట్లే. ఖరీదు మొత్తం 57 కోట్ల డాలర్లు.

ఈ పెద్ద ఓడ లెక్కలో కిటుకు ఉంది. మోసే సామర్థ్యం రెట్టింపైతే ఉక్కు రెట్టింపు అక్కర్లేదు, ఇంజిన్ రెట్టింపు అక్కర్లేదు, సిబ్బంది దాదాపు అంతే. కాబట్టి ఓడ నిండితే ఒక్కో కంటైనర్‌పై పడే ఖర్చు బాగా తగ్గుతుంది. నిండకపోతే మాత్రం అప్పు వడ్డీ, సిబ్బంది జీతం, ఇంధనం అలాగే ఉంటాయి. ఖాళీగా పోయే చోటుకు ఎంత వచ్చినా లాభమే అని ప్రతి లైనూ రేటు కోస్తుంది.

మెక్‌లీన్ ఓడలు ఎప్పుడూ తూర్పుకే, ప్రపంచం చుట్టూ తిరిగేవి. సరకు మాత్రం ఆ గుండ్రం దారిలో సమానంగా దొరకదు. అదే 1984లో తైవాన్‌కు చెందిన ఎవర్‌గ్రీన్ కూడా ప్రపంచం చుట్టే సర్వీసు మొదలుపెట్టింది. పైగా చమురు పెరగలేదు, 1986లో పీపా 15 డాలర్ల లోపుకు పడిపోయింది. నెమ్మదిగా పోయే ఓడకున్న ఒకే ఒక్క మేలు పోయింది. ఆ ఏడాది నవంబరులో కంపెనీ వంద కోట్ల డాలర్లకు పైగా అప్పుతో దివాలా తీసింది.

నా దృష్టిలో అసలు మలుపు ఆ తర్వాత జరిగింది. దివాలా తీసినా ఓడలు మాయం కావుగా. 1988లో ఆ పన్నెండింటినీ సీ-ల్యాండ్ సుమారు 16 కోట్ల డాలర్లకు కొనేసింది. కట్టిన ధరలో మూడో వంతు కూడా కాదు. అంత తక్కువకు కొన్నవాడు తక్కువ రేటుకు నడిపినా గిట్టుబాటవుతుంది. మిగతా లైన్లు కూడా ఆ రేటుకు దిగక తప్పలేదు. ఇరవయ్యో శతాబ్దం చివర్లో సరకు రవాణా అంత చవకైందంటే అందులో కొంత పెద్ద ఓడల సామర్థ్యం, కొంత ఓడలు కట్టించినవాళ్లు పోగొట్టుకున్న డబ్బు. పాత రేట్లు నిలిచేవి కావని లైన్లు అనడంలో ఉన్న నిజం ఇంతే.

ఆ నష్టాలకు వాళ్లు కనిపెట్టిన మందు విలీనాలు. సీ-ల్యాండ్ అంతర్జాతీయ వ్యాపారాన్నే 1999లో మెర్స్క్ కొనేసింది. 2016లో కొరియాకు చెందిన హంజిన్ కూలిపోయి, సరకుతో ఉన్న ఓడలు రేవుల్లోకి రాలేక సముద్రంలో ఆగిపోయాక ఆ జోరు ఇంకా పెరిగింది. ఇప్పుడు ప్రపంచ కంటైనర్ ఓడల సామర్థ్యంలో 80 శాతానికి పైగా పది కంపెనీల చేతిలో ఉంది. సరకు తగ్గితే రేటు కోయడం కాదు, ట్రిప్పునే రద్దు చేయడం వాళ్లకు అలవాటైంది.

ఇప్పుడు లైన్లు చెప్పే ఖర్చు సంగతి. 15,000 కంటైనర్ల ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి 12 రోజులు ఎక్కువ తీసుకుందనుకుందాం. రోజుకు 120 టన్నులు, టన్ను 600 డాలర్లు వేసుకున్నా ఇంధనానికి అదనంగా 8.64 లక్షల డాలర్లు. ఓడలో 12,000 నిండు కంటైనర్లుంటే ఒక్కోదానికి 72 డాలర్లు. ఓడ అద్దె కూడా దాదాపు అంతే అనుకున్నా 150 డాలర్లు దాటదు. సూయెజ్ టోల్ మిగిలేది ఇందులో తీసేయలేదు. 2024 మొదట్లో ఆసియా నుంచి యూరప్‌కు రేట్లు వేల డాలర్లలో పెరిగాయి. ఆ తేడా ఖర్చు వల్ల వచ్చింది కాదు. ప్రతి ఓడా ట్రిప్పుకు ఎక్కువ రోజులు తీసుకోవడంతో మార్కెట్లో ఓడలు తగ్గినట్టయింది. కొరత రేటు అది. దాన్ని సర్‌ఛార్జి వరసలో రాయడమే ఎగుమతిదారులు తప్పుబడుతున్నది.

వాళ్లు అడిగేవి రెండు. సర్‌ఛార్జీలన్నీ కలిపి ఒకే రేటు చెప్పాలి, బుకింగ్ అయ్యాక మార్చకూడదు. అలాంటి భరోసా ఏడాది కాంట్రాక్టు ఉన్న పెద్ద కంపెనీలకు ఉంది, 1984 చట్టం తెరిచిన తలుపు అదే. పాశమైలారం నుంచి నెలకు నాలుగైదు కంటైనర్లు పంపేవాడికి ఏ లైనూ ఆ కాంట్రాక్టు ఇవ్వదు. ఓడలో చోటు బుక్ చేసిపెట్టే మధ్యవర్తి ఫార్వార్డర్‌కి ఫోన్ చేసి ఆ వారం రేటెంతో అడగాల్సిందే. తీరా రైలెక్కాక ఓడలో చోటు లేదని తర్వాతి ట్రిప్పుకు నెట్టేసినా, నవా షేవాలో కంటైనర్ ఆగిన రోజుల అద్దె కూడా అతని ఖాతాలోనే పడుతోంది.