సాలీడు దారం గాలికి గట్టిపడదు

"సాలీడు పొట్టలో ఉండేది ద్రవం కదా! అది బయటికి రాగానే గాలి తగిలి దారం అయిపోతుందా?" అని ఒక పాఠకుడి ప్రశ్న. బళ్లలో అలాగే చెప్పేస్తుంటారు గానీ, గాలికీ ఆ గట్టిపడటానికీ సంబంధం లేదు. దారం పొట్టలోనే తయారై బయటికి వస్తుంది.

ఈ మాట వినగానే మనకు జంతికల గొట్టం తడుతుంది. పిండి నింపి, పైనుంచి నొక్కితే, చిల్లుల్లోంచి దిగిన తీగలు నూనెలో పడి గట్టిపడతాయి. సాలీడు దగ్గర ఈ మూడు పనులూ వేరే రకంగా జరుగుతాయి.

ముందు పిండి సంగతి. తోటల్లో గూడు మధ్యన ఇంటూ గుర్తులా తెల్లటి అల్లిక వేసి కూర్చునే ఆర్జియోప్ సాలీడునే తీసుకుందాం. అది వేలాడే దారం ఒక సంచిలాంటి గ్రంథిలో ప్రోటీన్ ద్రవంగా నిలవ ఉంటుంది. ద్రవం బరువులో 30 నుంచి 50 శాతం దాకా ప్రోటీనే. ఇంత చిక్కగా ఉంటే మామూలు ప్రోటీన్ ఏదైనా గడ్డకట్టి, సాలీడు పొట్ట మూసుకుపోవాలి. ఇక్కడ అలా కాకపోవడానికి కారణం అణువు కొసలు. సంచిలో పీహెచ్ 7.6 దగ్గర ఉన్నంతసేపూ అవి ఒకదానితో ఒకటి గట్టిగా అతుక్కోవు. ఉప్పు కూడా ఇందుకు తోడ్పడుతుంది.

గట్టిపడే పని నాళంలో మొదలవుతుంది. అది మూడు మడతలు పడి, పోనుపోను సన్నబడే గొట్టం. దాని గోడల్లో కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మన ఎర్ర రక్తకణాల్లో ఉండేదీ ఇదే రకం. అది కార్బన్ డయాక్సైడ్‌నూ నీటినీ కలిపి ఆమ్లం పుట్టిస్తుంది. నాళం సగం దాటేసరికి పీహెచ్ 5.7కి పడిపోతుంది. అప్పుడు అణువుల ఒక కొస పక్కదాని కొసతో జతకట్టి గొలుసవుతుంది, రెండో కొస విచ్చుకుని స్ఫటికాలకు నాంది పలుకుతుంది. సోడియం, క్లోరైడ్, నీరు వెనక్కి పోతాయి. ప్రోటీన్‌లోని అలనిన్ అనే అమైనో ఆమ్లం వరుసలు ఒకదానిపై ఒకటి పేర్చుకుని గట్టి స్ఫటికాలవుతాయి, గ్లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఎక్కువున్న భాగాలు వదులుగా మిగులుతాయి. దారానికి బలం మొదటివాటిది, సాగే గుణం రెండోవాటిది.

ఇక నొక్కడం. అంత చిక్కటి ద్రవాన్ని అంత సన్నటి గొట్టంలోంచి తోయాలంటే సాలీడు కండరాలు చాలవు. అందుకే అది తోయదు, లాగుతుంది. దారం కొసను గోడకు అతికించి తాను కిందికి జారుతుంది, లేదా వెనక కాలితో లాగుతుంది. ఆ లాగుడుకే అణువులు వరుసకట్టుకుంటాయి. ప్రయోగశాలలో సాలీడు నుంచి నెమ్మదిగా లాగిన దారం ఎక్కువ సాగుతుంది. వేగంగా లాగినది బిరుసుగా వచ్చి తక్కువ సాగుతుంది. బ్యాక్టీరియాతో అదే ప్రోటీన్ తయారుచేయించినా అంతే బలమైన దారం సులువుగా రాకపోవడానికి ఇదీ ఒక కారణం. పిండి దొరికినా గొట్టం దొరకాలిగా!

దారం వెలువడే చోటే సాలీడు కీటకం కాదని చెబుతుంది. హిందూపురం మార్కెట్‌కు వచ్చే పట్టుగూళ్లు కీటకం అల్లినవి. పట్టుపురుగు దారం నోటి దగ్గర్నుంచి, మార్పు చెందిన లాలాజల గ్రంథుల నుంచి వస్తుంది. సాలీడు దారం పొట్ట చివర ఉండే స్పిన్నరెట్ల నుంచి వస్తుంది. అవి మార్పు చెందిన అవయవాలు, అంటే ఒకప్పటి కాళ్లలాంటివి. పట్టు తీసే విద్యను రెండూ విడివిడిగా నేర్చుకున్నాయి. ఎనిమిది కాళ్లు, శరీరం రెండే భాగాలు, మీసాలు లేకపోవడం అందరికీ తెలిసినవే. సాలీడుకు తేలు, గుర్రపునాడా పీత దగ్గరి చుట్టాలు, చీమ దూరపు చుట్టం.



ఆర్జియోప్ గూడు కట్టేటప్పుడు ముందు గాలికి ఒక దారం వదులుతుంది. అది ఎదురు కొమ్మకు తగులుకుంటే వంతెన అవుతుంది. తర్వాత చట్రం, బండిచక్రం ఆకుల్లాంటి దారాలు, మధ్య నుంచి బయటికి జిగురులేని తాత్కాలిక చుట్టు. ఆ చుట్టు మీద నడుస్తూ, దాన్ని కోసేస్తూ, బయటి నుంచి లోపలికి జిగురు చుట్టు వేస్తుంది. జిగురు మొదట దారమంతా పూతలా ఉండి, క్షణాల్లో బొట్లుగా విడిపోతుంది. అందులోని లవణాలు గాలిలోని తేమను పీల్చి దాన్ని తడిగా ఉంచుతాయి. దుమ్ము పట్టి, పురుగులు చింపి గూడు పాడైతే దాన్ని తినేసి ప్రోటీన్‌ను తిరిగి వాడుకుంటుంది.

ఇంటి మూలల్లో బూజు ఎక్కువగా పొడుగుకాళ్ల ఫోల్కస్ లాంటి సాలీడుది. దానికి ఇంత కొలత ఉండదు, చిక్కుగా అల్లి తలకిందులుగా వేలాడుతుంది. కుప్పం వైపు ముళ్లపొదల్లో వందలుగా కలిసి బతికే స్టెగోడిఫస్ సాలీళ్లది మరో దారి. అవి జిగురే వాడవు. క్రిబెల్లమ్ అనే జల్లెడలాంటి పలక నుంచి అతి సన్నటి పోగులు తీసి, వెనక కాలి వెంట్రుకల దువ్వెనతో దువ్వి, ఉన్నిలా పేరుస్తాయి. పురుగు కాలి ముళ్లు అందులో చిక్కుకుంటాయి. ఆరిపోవడానికి జిగురే లేదు కనుక, ఎండిన నేలల్లోనూ ఆ వల చాలా రోజులు పనిచేస్తుంది.