పొసెషన్ జూన్‌లో, క్లబ్‌హౌస్ ఎప్పుడో: బ్రోషర్ తగాదా వెనుక ఫేజుల కథ

బ్రోషర్‌లో చూపించింది ఒకటి, చేతికిచ్చింది ఒకటి అన్న గొడవ మళ్లీ రాజుకుంది. ఈసారి తగాదా ఫ్లాట్ గురించి కాదు. తాళాలు కాస్త అటూఇటూగా టైముకే వస్తున్నాయి. బ్రోషర్ మధ్య పేజీల్లో మెరిసిపోయిన క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ ఉండాల్సిన చోట మాత్రం రేకుల ప్రహరీ, కంకర కుప్పలు కనిపిస్తున్నాయి. అవి తర్వాతి ఫేజులో వస్తాయని బిల్డర్ అంటున్నాడు. ఆ మాట బ్రోషర్‌లో ఎక్కడుందని కొన్నవాళ్లు అడుగుతున్నారు.

ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించి కొనేవారికి రక్షణ ఇచ్చే రెరా చట్టం ఎందుకొచ్చింది, అంతకుముందు కొనుగోలుదారులు ఎన్ని తిప్పలు పడ్డారు అన్నది అందరికీ తెలిసిందే. ఈ తగాదాకు అసలు మూలం 2016 నాటి ఆ చట్టంలోని 3వ సెక్షన్ చివర ఉన్న ఒక చిన్న వివరణలో ఉంది. ప్రాజెక్టును ఫేజులుగా కడితే ప్రతి ఫేజునూ విడి ప్రాజెక్టుగా చూడాలని, దేనికది వేరుగా రిజిస్టర్ చేయించాలని అది చెబుతుంది. కొన్నవారి డబ్బు ఒక ఫేజు నుంచి ఇంకో ఫేజుకు పోకుండా చూడటానికి ఇది పనికొచ్చే ఏర్పాటే. కానీ దీనివల్ల ఒకే గేటు లోపల రెండు మూడు రిజిస్ట్రేషన్ నంబర్లు, నిర్మాణం పూర్తి కావాల్సిన తేదీలు రెండు మూడు వచ్చాయి. బ్రోషర్ మాత్రం ఒక్కటే మిగిలింది.

ఒక ఊహా ప్రాజెక్టు తీసుకుందాం. నాలుగు టవర్లు. ఏ, బీ టవర్లు మొదటి ఫేజు, ఆ చట్టం అమలు చూసే రెరా సంస్థ దగ్గర నమోదైన పూర్తి తేదీ 2026 జూన్ 30. సీ, డీ టవర్లతో పాటు క్లబ్‌హౌస్ రెండో ఫేజు, పూర్తి తేదీ 2029 డిసెంబరు 31. బ్రోషర్‌లో ఒక పేజీలో ‘పొసెషన్ జూన్ 2026’ అని, ఎదురు పేజీలో ‘50,000 చదరపు అడుగుల క్లబ్‌హౌస్’ అని ఉంటుంది. రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. పక్కపక్కన పెట్టి చదివినవాడికి మాత్రం జూన్‌లో రెండూ వస్తాయనే అర్థమవుతుంది. ఏ టవర్‌లో కొన్నవాడు మూడున్నరేళ్లు క్లబ్‌హౌస్ లేకుండా ఉండాలి. చుట్టూ రెండో ఫేజు దుమ్మూ, మిక్సర్ల మోతా ఉండనే ఉంటాయి.

బ్రోషర్ అచ్చుకు వెళ్లేముందు దిద్దే మనిషి చేయాల్సిన పని ఇక్కడే ఉంది. భాష బాగుందా లేదా అని చూడటం తర్వాతి సంగతి. ముందు బ్రోషర్‌లో ఉన్న ప్రతి సౌకర్యం పేరూ కాగితం మీద రాసుకుని, అది మంజూరైన ప్లానులో ఎక్కడుంది, ఏ రిజిస్ట్రేషన్ నంబర్ కిందకు వస్తుంది, ఆ నంబరుకు రెరా వెబ్‌సైట్‌లో ఉన్న తేదీ ఏది అని ఎదురుగా నింపాలి. ఏ గడీ ఖాళీగా మిగిలితే ఆ సౌకర్యం బ్రోషర్‌లో ఉండకూడదు. అలా దిద్దితే ఆ రెండు పేజీల మాట ఇలా మారుతుంది: ‘ఏ, బీ టవర్లు: రెరాలో నమోదైన పూర్తి తేదీ 30-06-2026. నివాస యోగ్యతా పత్రమైన ఓసీ వచ్చాక ఫ్లాట్ అప్పగిస్తాం. క్లబ్‌హౌస్, పూల్ రెండో ఫేజులో భాగం: నమోదైన పూర్తి తేదీ 31-12-2029. అప్పటివరకు ఏ, బీ టవర్ల వారికి ఇవి అందుబాటులో ఉండవు.’ చివరి వాక్యాన్ని మార్కెటింగ్ వాళ్లు కొట్టేయమంటారు. కొనేవాడికి అన్నిటికన్నా పనికొచ్చేది ఆ వాక్యమే.

50,000 చదరపు అడుగులు అన్న అంకె సంగతీ తేల్చాలి. అందులో కింద పార్కింగ్ ఉందా, అద్దెకిచ్చే షాపులున్నాయా, మెంబర్‌షిప్‌కు వేరే డబ్బు కట్టాలా అన్నది పక్కనే రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

బిల్డర్లు చెప్పేదీ వినాలి. బ్రోషర్ అంటే ఊహాచిత్రమేనని, అసలు ఒప్పందం సేల్ అగ్రిమెంటేనని, చిన్న అక్షరాల్లో ‘మార్పులకు లోబడి’ అని ముందే రాశామని వాళ్ల వాదన. అనుమతులు, కూలీల కొరత, కొవిడ్ వంటి కారణాలూ చెబుతారు. వీటిలో కొంత నిజముంది. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2020 మేలో రిజిస్ట్రేషన్ గడువులు ఆరు నెలలు పెంచమని రాష్ట్రాల రెరాలకు సూచించింది కూడా.

కానీ బ్రోషర్ ఒప్పందం కాదన్న వాదన రెరా చట్టంలోని 12వ సెక్షన్ ముందు నిలవదు. ప్రకటనలో గానీ, ప్రాస్పెక్టస్‌లో గానీ, మోడల్ ఫ్లాట్‌లో గానీ చూపించినదాన్ని నమ్మి అడ్వాన్సు కట్టినవాడు, అది తప్పని తేలి నష్టపోతే బిల్డర్ పరిహారం ఇవ్వాలి. ప్రాజెక్టు నుంచి తప్పుకుంటానంటే కట్టిన డబ్బంతా వడ్డీతో తిరిగివ్వాలి. ప్రకటన అన్న మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనం ఎంత విశాలమంటే, సేల్స్ కుర్రాడు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ కూడా అందులోకి వస్తుంది.

రెరా కింద కాకుండా వినియోగదారుల చట్టం కింద నడిచిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే దారి పట్టింది. బెంగళూరులో డీఎల్‌ఎఫ్ సదరన్ హోమ్స్ కట్టిన ప్రాజెక్టుపై 339 మంది కొనుగోలుదారులు వేసిన కేసు అది. 2020 ఆగస్టులో తీర్పు వచ్చింది. అగ్రిమెంటు ప్రకారం ఆలస్యానికి చదరపు అడుగుకు నెలకు ఐదు రూపాయలే ఇస్తామన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. దానికి అదనంగా ఏడాదికి 6 శాతం సాధారణ వడ్డీ ఇవ్వమంది. చెప్పిన సౌకర్యాలు ఇవ్వకపోతే దానికీ పరిహారం అడిగే హక్కు కొన్నవారికి ఉందని తేల్చింది.

తేదీ విషయంలో ఇంకాస్త వెనక్కి, 2017 డిసెంబరులో బాంబే హైకోర్టు ఇచ్చిన నీల్‌కమల్ రియల్టర్స్ తీర్పుకు వెళ్లాలి. రిజిస్ట్రేషన్ సమయంలో బిల్డర్ రెరాకు కొత్త తేదీ చెప్పుకోవచ్చు. అంతమాత్రాన కొన్నవాడి అగ్రిమెంటులో ఉన్న పాత తేదీ చెరిగిపోదు, 18వ సెక్షన్ కింద ఆలస్యపు వడ్డీ లెక్క ఆ పాత తేదీ నుంచే అని కోర్టు చెప్పింది. ‘రెరా ఎక్స్‌టెన్షన్ ఇచ్చింది కాబట్టి ఆలస్యమే లేదు’ అని ఇప్పుడు వినిపిస్తున్న మాటను ఆ తీర్పుతో పోల్చి చూడాలి.

అందుకే బ్రోషర్‌లో ‘పొసెషన్’ అని ఒక్క మాట రాసి వదిలేయడం కుదరదు. నిర్మాణం పూర్తయ్యే తేదీ వేరు, ఓసీ వచ్చే రోజు వేరు, తాళాలు ఇచ్చే రోజు వేరు. ఓసీ వచ్చిన రెండు నెలల్లో ఫ్లాట్ స్వాధీనం చేసుకోవాలని చట్టం కొన్నవాడికి చెబుతోంది. ఏ తేదీ ఏ సంగతికి చెందిందో చెప్పి, పక్కన రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా రాయాలి. ఆ రెండూ ప్రకటనలో ఉండాలని 11వ సెక్షన్ ఎలాగూ అంటోంది. ‘ఆరు నెలల గ్రేస్’ ఉంటే దాన్ని స్టార్ గుర్తు కింద దాచకుండా తేదీ పక్కనే అదే సైజు అక్షరాల్లో వేయాలి, లేదా ఆ ఆరు నెలలు కలిపిన తేదీనే వేయాలి.

రెరా నుంచి ఎక్స్‌టెన్షన్ వచ్చినప్పుడు పాత పీడీఎఫ్ ఏజెంట్ల ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. అందుకని ప్రతి బ్రోషర్ అడుగున ‘ఫలానా తేదీ నాటి ప్రతి’ అని ఉండాలి. బుకింగ్ రోజున ఏ ప్రతి చేతిలో పెట్టారో దాని మీద ఇద్దరూ సంతకం చేయడం మంచిది. చాలా ఆఫీసుల్లో ఈ పని జరగదు. కేసు వచ్చాక మీరు చూసింది ఈ బ్రోషర్ కాదనడం మాత్రం జరుగుతుంది.

ఇక ‘మార్పులకు లోబడి’ అన్న ఆ చిన్న అక్షరాలు. కొన్నవాళ్లుండగా మంజూరైన లేఅవుట్‌ను గానీ, ఉమ్మడి స్థలాలను గానీ మార్చాలంటే బిల్డర్ కాకుండా మిగిలిన కొనుగోలుదారుల్లో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలని 14వ సెక్షన్ చెబుతోంది. ప్లానులో మొదటి ఫేజు హద్దుల్లో చూపిన క్లబ్‌హౌస్‌ను తర్వాత రెండో ఫేజుకు జరిపి ఉంటే, ఇప్పుడు అడగాల్సింది బ్రోషర్ గురించి కాదు. ఆ సంతకాలు ఎక్కడున్నాయని అడగాలి.